ముప్ఫై ఒకటో కుట్టు

మే నెల. కాలవలు కట్టేశారు. కొత్తపేటలో కాలవగట్టు పక్కన రేకుల షెడ్డులో ఫ్యాన్ కింద కూర్చుని, సత్తిబాబు మోకాళ్ల మధ్య బిగింపు కర్రలో క్రికెట్ బంతిని ఇరికించాడు.

నాలుగు తోలు ముక్కల బంతి అది. రెండేసి ముక్కల్ని లోపలి వైపు నుంచి కలిపి కుడితే ఒక కప్పు అవుతుంది. బెండు మీద ఉన్ని దారం చుట్టిన గుండును మధ్యలో పెట్టి, ఒక కప్పు అతుకు రెండో కప్పు అతుకుకి అడ్డంగా వచ్చేలా మూస్తారు. మధ్య రెండు వరసలతో కప్పులు కలుస్తాయి. ప్రెస్సులో నొక్కాక అటు రెండు, ఇటు రెండు వరసలు పడతాయి. వరసకి ఎనభై కుట్లు. ఆ నాలుగు బయటి వరసలే పదిహేడేళ్ల సత్తిబాబు పని.

ఆరెతో బెజ్జం పొడవాలి. అంచుకి మరీ దగ్గరగా పొడిస్తే తోలు చిరుగుతుంది, దూరంగా పొడిస్తే కుట్టు ఏటవాలుగా పడుతుంది. మైనం పట్టించిన దారానికి రెండు కొసలా సూదులు. ఒకే బెజ్జంలోంచి అటొకటి, ఇటొకటి దూర్చి, దారాన్ని రెండు చిటికెన వేళ్లకీ చుట్టి ఒక్క బలంతో లాగాలి. అందుకే వాడి చిటికెన వేళ్ల పక్కలు కాయలు కాసి నల్లబడ్డాయి. చూపుడు వేలూ మధ్య వేలూ మాత్రం మెత్తగానే ఉన్నాయి. ఆ రెండింటినీ వాడు బౌలింగ్ కోసం దాచుకున్నాడు.

వేలకొద్దీ కుట్లు వేసిన చెయ్యే గాని, తోలు బంతిని ఒక్కసారి కూడా విసరలేదు. ఊళ్లో ఆడేదంతా టెన్నిస్ బంతే.

సాయంత్రం మేస్త్రి తూకం వేశాడు. 160 గ్రాములు. 155.9కీ 163కీ మధ్య ఉండాలి కాబట్టి బరువు సరే. చుట్టుకొలతా సరిపోయింది. పన్నెండేళ్లు మీరట్‌లో బంతుల పని చేసి వచ్చిన మనిషి. కళ్లు మూసుకుని ఆ కుట్ల వరసల సీమ్ మీద బొటనవేలు నడిపాడు.

"ఇది పక్కన పడెయ్యరా."

"ఏవైందండీ మేస్త్రిగారూ?"

"నన్నడుగుతావేంటి? పట్టుకెళ్లి వేసి చూడు. అదే చెబుద్ది."

తెల్లారగట్ల దాళ్వా కోసేసిన చేలో కొబ్బరి తాడుతో 22 గజాలు కొలిచాడు. నేలంతా నెర్రెలు, వరి దుబ్బులు. అక్కడ బంతి పిచ్ అయితే ఎటు పోతుందో చెప్పలేం. అందుకని చినబాబుని చేతులు చాపి నిలబడమని, నేల తగలకుండా నేరుగా వేశాడు. సీమ్‌కి అటొక వేలు, ఇటొక వేలు, కింద బొటనవేలు. మణికట్టు బంతి వెనకాల.

మొదటి బంతి వదిలినప్పుడు ఆరు తెల్ల వరసలూ కలిసి ఒకే గీతలా, గాల్లో నిటారుగా, వెనక్కి తిరుగుతూ వెళ్లాయి. సత్తిబాబు ఊపిరి పీల్చడం మర్చిపోయాడు.

"ఒరేయ్, సూదిలో దారంలాగ వచ్చిందిరా!" చినబాబు అరిచాడు.

రెండోది గింగిరాలు తిరిగింది. మూడోది బాగుంది. నాలుగోది మళ్లీ అంతే. చెయ్యి తప్పా, బంతి తప్పా? బంతి మీద ముడి ఉన్న చోటు గుర్తుపెట్టుకుని, ఒకసారి అదే చోట, ఒకసారి అవతలి వైపు పట్టుకుని పదేసి వేశాడు. ముడి దగ్గర పట్టుకుంటే నిటారు. అవతల పట్టుకుంటే వంకర.

గట్టు మీద కూర్చుని ముడి దగ్గర్నుంచి గోటితో లెక్కపెట్టాడు. అయిదో వరస. ముప్ఫై వరకూ గోరు తట్టుకుంటూ వచ్చింది. ముప్ఫై ఒకటి నుంచి జారింది. నలభై నాలుగు దాకా దారం అణిగిపోయి ఉంది. అక్కడ సీమ్ ఒకవైపు ఒరిగి, వేలికి ఆనిక లేక జారిపోతోంది. వేలు జారితే బంతి పక్కకి ఒరిగి బయటపడుతుంది.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. చెమట అరచేతుల్లోకి దిగింది. తోలు చెమ్మ పీల్చి సాగింది, ఎడమ చేతి దారం జారింది. వాడు ఆపకుండా కుట్టుకుపోయాడు.

షెడ్డుకి వెళ్లగానే, "ఆ పద్నాలుగూ విప్పి మళ్లీ కుడతానండి," అన్నాడు.

"కుదరదురా. ఒకసారి బిగిసిన బెజ్జం విప్పితే పెద్దదవుద్ది. అందులో దారం ఇంక నిలబడదు." మేస్త్రి కొత్త బంతి వాడి ఒళ్లో పెట్టాడు. "ఇది సరిగ్గా వస్తే ముందు నువ్వే వేద్దువు గాని."

మూడో వరస, నాలుగో వరస అయ్యాయి. అయిదో వరసలో ముప్ఫై దాటుతుండగా ఫ్యాన్ ఆగిపోయింది. రేకులు కాలుతున్నాయి. నుదుటి మీద చెమట ముక్కు దాకా జారింది.

సత్తిబాబు సూదులు రెండూ తోలు పేలిక మీద గుచ్చి, చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"ఆపేశావేంట్రా?"

"చెయ్యి తడిగా ఉందండి."

మేస్త్రి తలెత్తి చూసి, తన పొడి తువ్వాలు విసిరాడు. వాడు దాన్ని పట్టుకుని, అరచేతులు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాడు. చూపుడు వేలూ మధ్య వేలూ మాత్రం ఒళ్లో, లేని బంతి మీద సీమ్‌కి అటూ ఇటూ ఆనుకుని ఉన్నాయి.