గద్వాల చీర వీడియో: లెక్కలు, మార్పులు

తమ్ముడూ,

మన చీరల దుకాణం కోసం నువ్వు చేసిన రెండు వీడియోలనూ యూట్యూబ్‌లో ప్రకటనలుగా పదేసి రోజులు నడిపించాను. ఒక్కోదానికి 3,000 రూపాయలు పెట్టాను. ఇదంతా ఫోనులో చెబితే నువ్వు "సరే అక్కా" అంటావు, నేను సగం మరచిపోతాను. అందుకే రాస్తున్నాను.

అత్తాకోడళ్ల హాస్యంతో చేసిన 20 సెకన్ల వీడియో 24,000 సార్లు కనిపించింది. 12,000 వ్యూస్ వచ్చాయి, అంటే ఒక్కో వ్యూకు 25 పైసలు. గద్వాల చీరను చూపించే 48 సెకన్ల వీడియో 31,250 సార్లు కనిపిస్తే వచ్చిన వ్యూస్ 7,500. ఒక్కోటి 40 పైసలు పడింది. మా ఆయన ఈ అంకెలు చూసి "పెద్దది ఆపేసి, చిన్నదానికే డబ్బు పెట్టు" అన్నారు. నేనూ ఒక పూట అలాగే అనుకున్నాను.

కానీ వ్యూ అనే మాట రెండింటికీ ఒకటి కాదు. స్కిప్ చేయగలిగే ప్రకటనను 30 సెకన్లు చూస్తేనే వ్యూ కింద లెక్క. వీడియో అంతకంటే చిన్నదైతే చివరిదాకా చూస్తే చాలు. ప్రకటన మీద నొక్కినా వ్యూయే. కాబట్టి ఒకదానికి 20 సెకన్ల ఓపిక సరిపోయింది, రెండోదానికి 30 కావలసివచ్చింది. ఒక గింజలను సోలతో, ఇంకొక గింజలను మానికతో కొలిచి ధర పోల్చినట్టుంది మన లెక్క.

అసలు తేడా గల్లాపెట్టె దగ్గర తెలిసింది. వచ్చినవారిని, వాట్సాప్‌లో అడిగినవారిని "ఏ వీడియో చూశారు?" అని అడిగి నోటు పుస్తకంలో రాశాను. చీర వీడియో చూసినవారు 11 మంది, హాస్యం చూసినవారు ఇద్దరు. ఒక్కో మనిషికి చీర వీడియోలో సుమారు 273 రూపాయలు, హాస్యం వీడియోలో 1,500 పడ్డట్టు. పదమూడు మందిని పట్టుకుని పెద్ద తీర్మానాలు చేయకూడదని తెలుసు. అయినా ఆ ఇద్దరిలో ఒకావిడ "ఆ అత్త వేషం వేసినామె ఎవరు?" అని అడిగి వెళ్లిపోయింది. చీర వైపు చూడనే లేదు.

అందుకే పెద్దదాన్నే బాగుచేద్దాం. దాన్ని 12వ సెకను దాకా చూసినవారు నూటికి 41 మంది. 24వ సెకనుకు 27, 36వ సెకనుకు 22, చివరికి 19. మొదటి పన్నెండు సెకన్లు దాటినవారిలో దాదాపు సగం మంది చివరిదాకా ఉన్నారు. ఇక జనం జారిపోయేది ఎక్కడో నీకే తెలుస్తుంది. పిల్లలమర్రి మీద ఎనిమిది సెకన్ల డ్రోను దృశ్యం ఉంది కదా, అది తీసేయి. నీకది ఇష్టమని తెలుసు, నాకూ బాగుంది. కానీ మహబూబ్‌నగర్‌వారికి పిల్లలమర్రిని మనం చూపించాలా?

స్కిప్ బటన్ ఐదు సెకన్లకు వస్తుంది. వ్యూ కాకముందే స్కిప్ చేసి వెళ్లినవారికి మనకు పైసా పడదు. కాబట్టి ఆ ఐదు సెకన్లూ ఉచితంగా దొరికిన బోర్డు లాంటివి. దుకాణం పేరు, "న్యూటౌన్, మహబూబ్‌నగర్", చీర ధర అక్కడే కనిపించాలి. ఇప్పుడు పేరు 44వ సెకనులో వస్తోంది. మొదటి దృశ్యంగా, నూలు ఒళ్లూ పట్టు అంచూ కలిసే కుట్టును చాలా దగ్గరగా చూపించు. నువ్వు 19వ సెకనులో పెట్టినదే. దాని గురించే ఏడుగురు అడిగారు. మగ్గం చప్పుడు మొదటి క్షణం నుంచే వినపడాలి, పాట తరువాత రానీ. అక్షరాలు పెద్దవి చేయి, చూసేవారంతా ఫోనులోనే చూస్తున్నారు.

"అగ్గిపెట్టెలో ఇమిడే చీర" అన్న అక్షరాలు మాత్రం వెంటనే తీసేయి. ఒక పెద్దాయన నిజంగానే జేబులో అగ్గిపెట్టె పెట్టుకుని వచ్చారు. మన దగ్గరున్న చీర దానిలో పట్టలేదు, ఆయన ఎదుట నా తల కొట్టేసినట్టయింది.

నా తప్పూ ఒకటుంది. ప్రాంతం ఎంచేటప్పుడు "ఆ ఊరిపై ఆసక్తి ఉన్నవారు" అన్నది తీసేయలేదు, దానితో దూరపు ఊళ్లవారికీ చూపించారు. ఈసారి మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్రలో ఉన్నవారికే పెడతాను.

కొత్తది 35 సెకన్లలో రెండు రకాలుగా చేసి పంపు. ఒకటి కుట్టుతో మొదలవ్వాలి, ఇంకొకటి ధరతో. మిగతాదంతా ఒక్కటే ఉండాలి, లేకపోతే దేనివల్ల మార్పు వచ్చిందో తెలియదు. రెండింటికీ చెరి 1,500 పెడతాను. బతుకమ్మకు మూడు వారాల ముందే నడవాలి కనుక వచ్చే శుక్రవారంలోగా కావాలి. ఇది కొత్త పనే, పాతదానికి దిద్దుబాటు కాదు. నీ ధర చెప్పు, సగం ముందే పంపుతాను.

అత్తాకోడళ్ల వీడియోను పారేయకు. మన పేజీలో డబ్బు పెట్టకుండా ఉంచుదాం, నవ్వుకునేవారు నవ్వుకుంటారు.

— అక్క