సబ్జెక్ట్: 9వ తేదీ మీటింగ్ మినిట్స్ డ్రాఫ్ట్, 16 రాత్రి 8 లోపల చూసి చెప్పండి

అన్నలకు, అక్కలకు నమస్తే,

మొన్న ఆదివారం 9న సెల్లార్‌లో మాట్లాడుకున్నాం గదా, ఆ మినిట్స్ డ్రాఫ్ట్ అటాచ్ చేసినా. మూడు పేజీలే, టీ తాగేలోపు అయిపోతుంది. ఆ రోజు వచ్చిన 14 మందికే పంపుతున్నా, రానోళ్లకు ఫైనల్ అయినాక పెడతా.

మూడో పాయింట్ మాత్రం బాగా చూడండి. కొత్త బోరు వేయాలా, పాతదాంట్లోనే మోటర్ మార్చి ఇంకో రెండు పైపులు దింపాలా అనే కాడ నలుగురూ ఒకేసారి మాట్లాడినారు, నాకు సగమే వినపడింది, ముందు మోటర్ మారుద్దాం, ఫ్లాట్‌కు 2,500 అని రాసుకున్నా. ఎవరికన్నా 3,000 అని గుర్తుంటే ఇప్పుడే చెప్పండి, మన కడప ఎండలు మొదలైనాక ట్యాంకర్ కోసం నిలబడి కొట్లాడుకోవద్దు. పార్కింగ్, వాచ్‌మన్ జీతం పాయింట్లలో పెద్దగా గొడవ లేదు.

మార్పులుంటే 16 ఆదివారం రాత్రి 8 లోపల ఇదే మెయిల్‌కు రిప్లై ఆల్ కొట్టి పాయింట్ నంబరేసి రాయండి. లిఫ్ట్ కాడ చెప్తే నేను మర్చిపోతా, నిజంగా. నేను రాసింది తప్పుంటే సరిచేస్తా, కానీ తీర్మానమే మార్చాలంటే మళ్లీ మీటింగ్‌లో పెట్టాల్సిందే.

ఆ టైమ్‌కు ఏ రిప్లై రాకపోతే మీరు ఒప్పుకున్నట్టే లెక్క. 17న ప్రింట్ తీసి రిజిస్టర్‌లో అతికించి ప్రెసిడెంట్ గారి సంతకం పెట్టిస్తా. ఊరికి పోయింటే ఒక్క లైన్ పెట్టండి, 18 దాకా ఆగుతా.

ఉంటా,
సెక్రటరీ, ఫ్లాట్ 302