విషయం: నాణ్యతా విభాగం అసిస్టెంట్ మేనేజర్ నియామకం – కృతజ్ఞతలు, జీతం గురించి నా విన్నపం

గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి,

నమస్కారం.

శనివారం సాయంత్రం మీరు పంపిన నియామక పత్రం అందింది. నా మీద నమ్మకం ఉంచి ఇంత పెద్ద బాధ్యతకు ఎంచుకున్నందుకు మీకు, ఛైర్మన్ గారికి మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. ఇంటర్వ్యూ రోజున నాలుగు ప్రశ్నలడిగి పంపించేయకుండా, మీరే గమ్‌బూట్లు వేసుకుని ముడిసరుకు దించే చోటు నుంచి కోల్డ్ స్టోరేజీ దాకా నన్ను వెంటబెట్టుకుని తిప్పారు. రొయ్యలు ఒలిచే హాలులో గంట మోగగానే ఆడవాళ్లందరూ చేతిలో పని ఆపి, వరుసగా వెళ్లి క్లోరిన్ నీళ్లలో చేతులు ముంచి వచ్చారు. మనల్ని చూసి ఎవరూ కంగారుపడలేదు, ఎవరూ కొత్తగా సర్దుకోలేదు. అది రోజూ జరిగే పని అని చూడగానే తెలిసింది. ఎనిమిదేళ్లుగా ఈ రంగంలో ఉన్నదాన్ని కనుక, ఆ అలవాటు ఒక ప్లాంటులో కుదురుకోవడానికి ఎంత శ్రమ పడాలో నాకు తెలుసు.

ఈ ఉద్యోగం చేయాలని నాకు గట్టిగా ఉంది. జీతం గురించి కింద రాస్తున్నది చదివి నేను వెనకాడుతున్నానని మీరు అనుకోకూడదని ఈ మాట ముందే చెబుతున్నాను.

పత్రంలో మొత్తం ప్యాకేజీ సంవత్సరానికి 6,00,000 రూపాయలని ఉంది. అందులో నెలకు బేసిక్ 25,000. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద పక్కన పెట్టే సుమారు 1,200, ఏడాది చివర పనితీరును బట్టి ఇచ్చే 60,000 కూడా ఈ ఆరు లక్షల్లోనే కలిసి ఉన్నాయి. అవన్నీ తీసేసి, నా వంతు పీఎఫ్, వృత్తి పన్ను కూడా పోగా నెలనెలా చేతికి వచ్చేది దాదాపు 40,000. లెక్కలో ఎక్కడైనా పొరబడి ఉంటే దయచేసి సరిచేయండి.

ఆరు లక్షలు చిన్న మొత్తమని నేను అనడం లేదు. షిఫ్టులో ముడిసరుకు పరీక్షించి, గ్రేడింగు, గ్లేజింగు, ఫ్రీజర్ ఉష్ణోగ్రతలు చూసుకుని, రికార్డులు సరిగా ఉంచే అసిస్టెంట్ మేనేజర్‌కు అది సరైన జీతమే. అయితే మీరు, ఛైర్మన్ గారు ఆ రోజు నాకు వివరించిన పని అంతకంటే పెద్దది. నా విన్నపానికి అసలు కారణం ఇదే.

మేడ మీది గదిలో ప్లాస్టిక్ కవరు ఇంకా తీయని ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం చూపించి, ‘ఇది మీ చేతుల మీదుగా మొదలవ్వాలి’ అన్నారు. ఇప్పటిదాకా ఎలైజా కిట్లతో ప్రాథమిక పరీక్షలు చేసి, అనుమానం వచ్చిన నమూనాలను బయటి ల్యాబుకు పంపుతున్నామని, ఇకపై నిర్ధారణ పరీక్ష కూడా ఇక్కడే జరగాలని, ఏడాదిన్నరలో ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు రావాలని చెప్పారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరాక ఒక్క మార్కెట్టునే నమ్ముకుని ఉండలేమని, యూరప్‌కు పంపే సరుకు పెంచాలని ఛైర్మన్ గారు అన్న మాట నాకు బాగా గుర్తుంది. ఆ ఆలోచన సరైనదని నేనూ నమ్ముతున్నాను. కాకపోతే యూరప్ దారి ల్యాబు గుండా వెళుతుంది. మన దేశం నుంచి వెళ్లే చెరువు రొయ్యల్లో సరిహద్దు దగ్గర ఆపి పరీక్షించే సరుకు వాటాను వాళ్లు 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. నైట్రోఫ్యూరాన్ అవశేషాలు కిలోకు 0.5 మైక్రోగ్రాములు, క్లోరామ్‌ఫెనికాల్ 0.15 మైక్రోగ్రాములు ఉంటే చాలు, సరుకు అక్కడే ఆగిపోతుంది. అంత సూక్ష్మమైన మోతాదును ఇక్కడే పట్టుకుని, ఆ ఫలితం మీద సంతకం పెట్టే మనిషికి యంత్రం నడపడం ఒక్కటే వస్తే సరిపోదు. పద్ధతుల ధ్రువీకరణ, కొలతలో అనిశ్చితి లెక్కలు, ఇతర ల్యాబులతో సరిపోల్చే పరీక్షలు, అంతర్గత ఆడిట్లు, సిబ్బంది శిక్షణ అన్నీ ఐఎస్ఓ 17025 ప్రకారం నిలబెట్టాలి. మామూలుగా దీనికి విడిగా ఒక ల్యాబ్ ఇన్‌ఛార్జిని పెట్టుకుంటారు. మీరు ఈ రెండు పనులూ నాకు అప్పగించారు. నాకు అది సంతోషమే. పత్రంలో ఉన్న జీతం మాత్రం ఒక పనికే ఉంది.

ఈ పని నేను చేయగలనని చెప్పడానికి ఒక సంగతి రాస్తాను. ఇంటర్వ్యూలో సమయం చాలక దీన్ని పైపైనే చెప్పాను. నేను పనిచేస్తున్న చోట ఒకసారి నీలకంఠ రొయ్య లాటులో సెమికార్బజైడ్ కనిపించింది. నైట్రోఫ్యూరజోన్ వాడితే మిగిలే ఆనవాలు అది. రైతు తాను మందు వాడలేదని ప్రమాణం చేసి చెబుతున్నాడు. కంటైనర్ బుకింగుకు రెండు రోజులే ఉంది. లాటు తిప్పి పంపేయడమే మేలని అందరూ అన్నారు. కొన్ని రకాల రొయ్యల పెంకులో సెమికార్బజైడ్ సహజంగానే ఉంటుందని నేను చదివి ఉన్నాను. అందుకని అదే లాటు నుంచి మళ్లీ నమూనాలు తీయించాను. కత్తెరతో పెంకు ఒలిచి, కాళ్ల దగ్గరి చిన్న ముక్క కూడా మిగలకుండా కడిగి, పెంకు ఒక సీసాలో, కండ ఒక సీసాలో వేసి విడివిడిగా పరీక్షకు ఇచ్చాను. కండలో ఏమీ లేదు, ఉన్నదంతా పెంకులోనే. ఆ నివేదికతో లాటు నిలబడింది. రైతుకు డబ్బు అందింది. ఆ రాత్రి రెండు గంటలకు అతను ప్లాంటు గేటు దగ్గర నిలబడి ఫలితం కోసం ఎదురుచూస్తున్న తీరు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. తప్పుడు సరుకును ఆపడం ఎంత ముఖ్యమో, మంచి సరుకును తప్పుగా ఆపకుండా ఉండడమూ నాకు అంతే ముఖ్యం. మీ చెరువుల రైతులు మీతో ఎన్నేళ్లుగానో ఉన్నారని చెప్పారు కనుక ఈ మాట మీకు ఇంకా బాగా అర్థమవుతుంది.

ఈ బాధ్యతలన్నీ దృష్టిలో పెట్టుకుని మొత్తం ప్యాకేజీని సంవత్సరానికి 7,20,000 రూపాయలకు సవరించాలని కోరుతున్నాను. పనితీరు మొత్తం 60,000 అలాగే ఉండనివ్వండి, పెంపు స్థిరమైన జీతంలో ఉంటే చాలు. బేసిక్ 30,000 అయితే నాకు నెలకు సుమారు 49,700 చేతికి వస్తుంది. కంపెనీ మీద పడే అదనపు భారం నెలకు 10,000. విడిగా ల్యాబ్ ఇన్‌ఛార్జిని తీసుకుంటే అయ్యే ఖర్చుతో పోల్చి చూడమని మాత్రమే నా మనవి.

నా ప్రస్తుత జీతం కూడా దాచకుండా చెబుతాను. కాకినాడలో నాకు చేతికి 38,200 వస్తోంది, రాత్రి డ్యూటీల భత్యం సగటున మరో 2,500 ఉంటుంది. కంపెనీ ఇచ్చిన గది ఉంది, వ్యాను ఉంది. అంటే ఇప్పుడున్న పత్రం ప్రకారం చేరితే నెలకు ఏడు వందలు తగ్గడమే కాక, భీమవరంలో ఇంటి అద్దె కొత్తగా మీద పడుతుంది. నేను వాకబు చేసిన రెండు గదుల ఇళ్లకు ఎనిమిది, తొమ్మిది వేలు చెబుతున్నారు. మా అమ్మ పాలకొల్లులో ఒంటరిగా ఉంటుంది. ఆవిడకు దగ్గరగా రావడం నాకు నిజంగా పెద్ద ఊరట. చించినాడ వంతెన దాటి రావాలంటే ఇప్పుడు వారం సెలవు కోసం చూడాలి. కానీ అది నా సొంత విషయం, జీతానికి కారణంగా దాన్ని చూపించడం లేదు.

వెనామీ ధర, మేత ధర, సుంకాలు ఎలా ఊగిసలాడుతున్నాయో రోజూ చూస్తున్నదాన్ని కనుక మొదటి రోజు నుంచే ఆ మొత్తం ఇవ్వడం మీకు కష్టం కావచ్చని నాకు తెలుసు. అలా అయితే మరో దారి ఉంది. 6,60,000తో చేరతాను. అప్పుడు చేతికి సుమారు 44,900 వస్తుంది. ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు వచ్చిన నెల నుంచి దాన్ని 7,20,000 చేయండి. ఆ మాట నియామక పత్రంలోనే రాసి ఉండాలని మాత్రం కోరుతున్నాను. ఫలితం చూపించాకే పెంపు అడగడానికి నాకు అభ్యంతరం లేదు. ప్లాంటు క్వార్టర్సులో గది ఖాళీగా ఉంటే, అద్దె మిగిలే మేరకు జీతం అంకె తగ్గించి మాట్లాడుకోవడానికీ నేను సిద్ధమే.

ఒక్క విషయంలో మాత్రం తగ్గలేను. పట్టుబడి లారీలు అర్ధరాత్రి దాటాక వస్తాయి. ఆ వేళ నన్నూ, నాతో ఉండే ల్యాబు అమ్మాయిలనూ ఇంటి దగ్గర దించడానికి కంపెనీ వాహనం ఉండాలి. మీరు నోటిమాటగా సరేనన్నారు, దాన్ని పత్రంలో చేర్చితే చాలు.

వీటిలో ఏదీ కుదరని పరిస్థితి ఉంటే ఆ మాటే చెప్పండి, నొచ్చుకోను. మీకు వీలైన అంకె ఏదైనా ఉంటే దాని మీద కూర్చుని మాట్లాడుకుందాం. నేను ఇంకెక్కడా బేరం పెట్టుకుని ఈ ఉత్తరం రాయడం లేదు. మీ పత్రం తప్ప నా చేతిలో వేరే పత్రం లేదు. ఈసారి కుదరకపోయినా, ల్యాబు మొదలుపెట్టే రోజుల్లో యంత్రం బిగింపు గురించో, పద్ధతుల ధ్రువీకరణ గురించో సందేహం వస్తే ఫోను చేయండి. నాకు తెలిసినంతవరకు తప్పకుండా చెబుతాను.

పత్రానికి జవాబు ఈ నెల 28లోగా ఇవ్వమన్నారు. అంతకు ముందు ఏ రోజైనా మధ్యాహ్నం మూడు దాటాక నేను మాట్లాడటానికి వీలుగా ఉంటాను. రమ్మంటే ఆదివారం భీమవరం వస్తాను. ఇప్పటి ఉద్యోగంలో నేను ఇవ్వాల్సిన గడువు ముప్పై రోజులు. సవరించిన పత్రం అందిన రోజే రాజీనామా ఇస్తాను. నా స్థానంలోకి వచ్చే వారికి పని అప్పగించి రావాలి కనుక ఆ ముప్పై రోజులు తగ్గించమని మాత్రం అడగవద్దని మనవి.

మీ సమయానికి, మీరు చూపిన ఆదరణకు మరోసారి ధన్యవాదాలు. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

నమస్కారాలతో,
సత్యవేణి
కాకినాడ

జతచేసినవి: మీరు పంపిన నియామక పత్రం ప్రతి, గత మూడు నెలల జీతం స్లిప్పులు, ఐఎస్ఓ 17025 అంతర్గత ఆడిటర్ శిక్షణ ధ్రువపత్రం