సిమెంట్ కార్టెల్ ఉత్తర్వు: మన బిల్డర్ల కోసం సారాంశం

కాంపిటీషన్ కమిషన్ 2016 ఆగస్టు 31న ఇచ్చిన సిమెంట్ ఉత్తర్వులో ఏముందో తేలిగ్గా చెప్పమని చాలామంది అడిగారు కాబట్టి రాస్తున్నా. సిమెంట్ కంపెనీలు కూడబలుక్కుని రేట్లు పెంచాయన్న ఈ ఫిర్యాదు పెట్టింది మనలాంటి వాళ్లే, బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, 2010లో.

ముందు మార్కెట్ సంగతి. కమిషన్ దేశమంతటినీ ఒకే సిమెంట్ మార్కెట్‌గా తీసుకుంది. అందులో ఏ ఒక్క కంపెనీకీ పెత్తనం లేదంది, అంటే పెత్తనాన్ని దుర్వినియోగం చేయకూడదనే కాంపిటీషన్ చట్టం సెక్షన్ 4 వర్తించలేదు. కానీ సామర్థ్యంలో ఎక్కువ భాగం కొన్ని పెద్ద కంపెనీల చేతిలోనే ఉంది, కూడబలుక్కోవడానికి అదే అనువైన చోటు, అందుకే కేసంతా పోటీ కంపెనీలు కలిసి రేట్లు, ఉత్పత్తి నిర్ణయించుకోకూడదనే సెక్షన్ 3(3) మీద నడిచింది.

అసలు విషయం సాక్ష్యాల్లో ఉంది. "ఇంత రేటు పెడదాం" అని రాసుకున్న కాగితం దొరకలేదు. కమిషన్ చుట్టూ ఉన్న ఆధారాలన్నీ కలిపి చూసింది: ధరలు అన్ని కంపెనీల్లో ఒకేసారి ఒకే దిశలో కదలడం, సామర్థ్య వినియోగం 2009-10లో 83 శాతం ఉన్నది మరుసటి ఏడు 73కి పడిపోవడం, సిమెంట్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ ద్వారా ధరల, ఉత్పత్తి వివరాలు చేతులు మారడం, 2011 మొదట్లో ముంబయిలో జరిగిన మీటింగుల తర్వాత రేట్లు పెరగడం. రేట్లు ఒకేలా ఉన్నంత మాత్రాన కార్టెల్ అనలేం, దానికి తోడు కలిసి పనిచేశారని చూపే ఇంకేదైనా ఉండాలి. నా మటుకు ఆ మీటింగులే ఈ ఉత్తర్వుకు వెన్నెముక.

జరిమానా కంపెనీల రెండేళ్ల (2009 మే 20 నుంచి 2010-11 దాకా) లాభంలో సగం. శ్రీ సిమెంట్ మీద వేసిందీ కలిపితే దాదాపు 6,700 కోట్లు. లాభానికి మూడు రెట్ల దాకా వేసే అధికారం చట్టంలో ఉంది, అంత దూరం వెళ్లలేదు.

అప్పీళ్ల దారి పెద్దదే. 2012లో వచ్చిన మొదటి ఉత్తర్వును 2015 డిసెంబరులో అప్పటి అప్పీలు ట్రిబ్యునల్ కాంపాట్ కొట్టేసింది, వాదనలు వినని కమిషన్ చైర్‌పర్సన్ సంతకం చేశారన్న కారణంతో. మళ్లీ విని ఇచ్చిందే ఈ ఉత్తర్వు. దీన్ని 2018 జులైలో, కాంపాట్ స్థానంలో ఈ అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ సమర్థించింది, కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్తే అదే ఏడాది అక్టోబరులో అప్పీళ్లు స్వీకరించి పది శాతం డిపాజిట్ షరతు మీద స్టే కొనసాగించింది. ఏ అంచెలోనైనా అప్పీలుకు గడువు 60 రోజులు. 2023 సవరణతో ఇప్పుడు ఎన్‌సీఎల్‌ఏటీలో అప్పీలు వేయాలంటే జరిమానాలో 25 శాతం ముందే కట్టాలి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఈ జరిమానా కేంద్రానికి వెళ్తుంది, బస్తాకి ఎక్కువ కట్టిన మనకి అందులో పైసా రాదు. పరిహారం కావాలంటే సెక్షన్ 53ఎన్ కింద ఎన్‌సీఎల్‌ఏటీలో విడిగా దరఖాస్తు పెట్టాలి, మనం ఎంత నష్టపోయామో మనమే చూపించాలి. ఆ రోజుల సిమెంట్ బిల్లులు, డీలర్ లెడ్జర్లు మీ దగ్గర ఉంటే దయచేసి పారేయకండి.