చేత్తో గీసిన రూట్ లోకస్‌కీ సిమ్యులేషన్‌కీ తేడా: ఒక సందేహం

గౌరవనీయులైన సార్‌కి,

నమస్కారం. కంట్రోల్ సిస్టమ్స్ ల్యాబ్ రికార్డు రాస్తుంటే ఒక లెక్క తేలడం లేదు సార్. సిస్టమ్ ఇది:

```
s = tf('s');
G = 1/(s*(s+4)*(s^2+4*s+20));
rlocus(G)
```

చేత్తో వేసినప్పుడు సెంట్రాయిడ్ -2, అసింప్టోట్ల కోణాలు ±45°, ±135° వచ్చాయి. రౌత్ పట్టికలో K = 260 దగ్గర ω = 3.16. సిమ్యులేషన్‌లోనూ ఇవే ఉన్నాయి. తేడా అంతా మధ్యలో ఉన్న ఆకారంలోనే.

dK/ds = 0 చేస్తే s = -2తో పాటు -2 ± j2.45 కూడా వచ్చాయి. బ్రేక్‌అవే పాయింట్లు రియల్ యాక్సిస్ మీదే ఉంటాయన్న నియమం ప్రకారం ఆ రెండింటినీ వదిలేసి, -2 దగ్గర విడిపోయిన శాఖలను నేరుగా కుడివైపు అసింప్టోట్ల మీదికి వంచాను. సిమ్యులేషన్‌లో మాత్రం అవి నిలువుగా వెళ్లి, -2 ± j4 పోల్స్ నుంచి వచ్చే శాఖలను సరిగ్గా ±j2.45 దగ్గర కలిసి, అక్కడి నుంచి పక్కలకు చీలిపోతున్నాయి.

ఆ బిందువు దగ్గర K విలువ 100, పాజిటివే. కోణాల మొత్తం కూడా 180° వస్తోంది. అంటే అది నిజమైన బ్రేక్‌అవే పాయింటేనా సార్? అలాగైతే రియల్ యాక్సిస్ నియమం ఎప్పుడు వర్తిస్తుంది?

ఇంకోటి, నాకు ఇదే ఎక్కువ ఆసక్తిగా ఉంది. -4 పోల్‌ను -4.2కి జరిపితే ఆ శాఖలు అసలు కలవడమే లేదు, దగ్గరకు వచ్చి పక్కకు తప్పుకుంటున్నాయి. పోల్స్ అమరికలోని సౌష్టవమే కారణమా? నిజమైన ప్లాంట్‌లో పోల్ కొంచెం అటూఇటూ ఉంటుంది కదా, అప్పుడు డిజైన్‌లో ఏ ఆకారాన్ని నమ్మాలి?

గ్రాఫ్ షీటు, ప్రింటవుట్ జతచేశాను. వీలైనప్పుడు చెబితే డిపార్ట్‌మెంట్‌కి వచ్చి కలుస్తాను.

ఇట్లు,
మీ విద్యార్థిని,
ఫైనలియర్, ఎలక్ట్రికల్