విషయం: ఇంటి అమ్మకం ఒప్పందం – సంతకానికి ముందు కమిషన్ శాతంపై మా ప్రతిపాదన

సుధాకర్ గారికి,

నమస్కారం. సోమవారం మీరు పంపిన ఒప్పందం డ్రాఫ్ట్ అందింది. నేనూ, మా తమ్ముడు శ్రీధర్ కూర్చుని మొత్తం చదివాం. ఇల్లు మా ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి ఇక్కడ రాసేది ఇద్దరి మాటగానే తీసుకోండి. ఈ మెయిల్ కాపీ తనకీ పెడుతున్నాను.

అమ్మకం పని మీకే అప్పగించాలన్నది మా ఉద్దేశం. ఇల్లు చూసి వెళ్లిన ఏజెంట్లలో పై అంతస్తు స్నానాల గది వెనక గోడకు చెమ్మ దిగుతోందని కనిపెట్టింది మీరొక్కరే. రంగేసి దాచేయమని చెప్పకుండా, ముందే బాగు చేయించండి, లేకపోతే బేరం చివర్లో చెడుతుంది అన్నారు. ఆ మాటతోనే మాకు మీ మీద గురి కుదిరింది. ఆ గోడ పని పూర్తయింది, మీరు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు. అందుకే కమిషన్ గురించి మా మనసులో ఉన్నది దాచుకోకుండా, సంతకానికి ముందే రాస్తున్నాను. ఒప్పుకున్నాక గొణుక్కోవడం మాకిష్టం లేదు.

డ్రాఫ్ట్‌లో అమ్మకం ధర మీద 2 శాతం కమిషన్, పన్ను అదనం అని ఉంది. మేం అడుగుతున్నది ఇది: మనం కలిసి అనుకున్న ధర వరకు 1.5 శాతం. అంతకంటే ఎక్కువకు అమ్మితే, ఆ ఎక్కువ వచ్చిన మొత్తంలో 10 శాతం మీకు. అనుకున్న ధరకంటే తక్కువకు పోతే, అమ్మిన ధర మీద 1.5 శాతమే.

తగ్గించమని ఊరికే అడగడం లేదు, మా లెక్క ఇది. అనుకున్న ధరను 100 అనుకుందాం. 2 శాతం చొప్పున మీకు 2 వస్తుంది. కొనేవాళ్లు గట్టిగా పట్టుబట్టి 95కి దించారనుకోండి, మీకు 1.9 వస్తుంది. మీకు తగ్గేది 0.1. మీ కమిషన్ పోను మా చేతికొచ్చే దాంట్లో తగ్గేది 4.9. మీరు మా తరఫున గట్టిగా నిలబడరని నేను అనడం లేదు. కానీ ఇంకో నెల తిరిగి, ఇంకో పదిమందికి ఇల్లు చూపించి ఆ 5 తెచ్చిపెడితే మీ కష్టానికి దక్కేది 0.1 మాత్రమే అయితే, ఒప్పందం మీకు కూడా న్యాయం చేయడం లేదు. ఆ కష్టానికి తగిన ఫలం మీకు రావాలనే ఆ 10 శాతం పెట్టాం.

ఇల్లు చూసిన రోజు, సరైన పార్టీ దొరికితే అనుకున్న దానికంటే 5 నుంచి 8 శాతం ఎక్కువే పలుకుతుందని మీరే అన్నారు. మధ్యలో 107 దగ్గర చూద్దాం. మా పద్ధతిలో మీకు 1.5, దానికి తోడు 0.7, మొత్తం 2.2 వస్తుంది. డ్రాఫ్ట్ ప్రకారమైతే 2.14. అంటే మీ అంచనా నిజమైతే మా ప్రతిపాదనలోనే మీకు ఎక్కువ. ధర సరిగ్గా 106.25 దగ్గర రెండు లెక్కలూ సమానమవుతాయి, ఆ పైన ప్రతి మెట్టూ మీకే లాభం. ఆ కిందైతే మీకు కొంత తగ్గుతుంది, అది నేను దాచడం లేదు.

ఆ తగ్గింపు అడగడానికి కారణం కూడా ఉంది. మీ పనిలో సాధారణంగా ఎక్కువ సమయం తినే భాగం మేం ముందే చేసిపెట్టాం. లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ ఆమోదం, పన్ను రసీదులు అన్నీ స్కాన్ చేసి ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. మేం తీసుకున్న లాయర్ అభిప్రాయం కూడా అందులోనే ఉంది. ఇంటి మీద అప్పు లేదు. అద్దెకున్నవాళ్లు లేరు, తాళం చెవి మీ దగ్గరే ఉంచుతాం, ఎవరినీ అడగకుండా మీకు వీలైన వేళ చూపించుకోవచ్చు. అమ్మే నిర్ణయం మా ఇద్దరిదే కాబట్టి, ధర ఖాయమయ్యాక ఇంకెవరినో అడగాలన్న మాట మా నుంచి రాదు.

మరో ఏజెంట్ 1 శాతానికే చేస్తానన్నారు. ఈ మాట మిమ్మల్ని ఇరుకున పెట్టడానికి చెప్పడం లేదు. ఆ రేటు మీ ముందు పెట్టి దానికి సరిపోల్చమని అడిగే ఉద్దేశమూ లేదు. ఆయన ఇంట్లో పది నిమిషాలు కూడా ఉండలేదు, ధర మాత్రం మేం అనుకున్న దానికంటే చాలా ఎక్కువ చెప్పారు. మీ పనికి 1 శాతం చాలదని మాకూ తెలుసు.

శాతం కంటే నాకు ముఖ్యంగా అనిపించే సంగతి ఒకటుంది. మీరు కొనేవాళ్ల దగ్గర కూడా కమిషన్ తీసుకునే పక్షంలో అది మాకు ముందే, రాతపూర్వకంగా తెలియాలి. ఇద్దరి దగ్గరా తీసుకోవడం తప్పని నేను అనను. కానీ మా కనీస ధర మీకు తెలుసు, వాళ్లు ఎంతదాకా పెట్టగలరో కూడా మీకు తెలుస్తుంది. రెండు వైపులా ఉన్నవాళ్లు ఒక వైపు కోసం గట్టిగా బేరమాడటం ఎవరికైనా కష్టమే. అందుకని అలాంటి అమ్మకంలో మా వైపు నుంచి మొత్తం ధర మీద 1 శాతం, పై 10 శాతం వర్తించదు అని రాద్దాం. ఈ ఒక్క షరతు విషయంలో మాత్రం మేం వెనక్కి తగ్గలేం.

చెల్లింపు గురించి. డ్రాఫ్ట్‌లో సేల్ అగ్రిమెంట్ రోజు సగం, రిజిస్ట్రేషన్ రోజు సగం అని ఉంది. అగ్రిమెంట్ అయ్యాక కూడా బ్యాంకు లోను రాక బేరాలు ఆగిపోవడం మీరే ఎక్కువ చూసి ఉంటారు. అగ్రిమెంట్ రోజు కమిషన్‌లో నాలుగో వంతు, మిగతాదంతా రిజిస్ట్రేషన్ రోజు, డబ్బు మా ఖాతాలో పడ్డాక ఇస్తాం. కొనేవాళ్లు వెనక్కి పోతే ఆ నాలుగో వంతు మీ దగ్గరే ఉండనివ్వండి, తర్వాతి అమ్మకంలో సర్దుకుందాం. గడువులోగా అమ్మకమే జరగకపోతే అది తిరిగి ఇవ్వాలి. ఒకవేళ అగ్రిమెంట్ అయ్యాక మేమే మనసు మార్చుకుంటే అది పూర్తిగా మీదే, పైగా ప్రకటనలకు మీరు పెట్టిన ఖర్చు బిల్లులు చూపిస్తే అదీ ఇస్తాం. మా వల్ల మీ కష్టం వృథా కాకూడదు. పన్ను అదనంగా ఇవ్వడానికి అభ్యంతరం లేదు, బిల్లు మాత్రం కావాలి. ఫోటోలు, ప్రకటనలు, ఇల్లు చూపించడానికి తిరిగే ఖర్చు కమిషన్‌లోనే కలిసి ఉన్నాయని ఒక ముక్క రాయండి. కమిషన్ ఇంటి ధర మీదే లెక్క కట్టాలి. కొనేవాళ్లు ఫర్నిచరూ ఏసీలూ విడిగా కొనుక్కుంటే ఆ మొత్తం ఇందులోకి రాకూడదు.

ఆరు నెలల పాటు మీరొక్కరే అమ్మాలన్న షరతును మూడు నెలలు చేయండి. మూడో నెల చివర మీ పని మాకు నచ్చితే ఇంకో మూడు నెలలు పొడిగించడానికి ఒక్క మెయిల్ చాలు. ఆ మూడు నెలల్లో ఇంకే ఏజెంట్‌తోనూ మాట్లాడం, మాకు నేరుగా ఫోన్ చేసినవాళ్లను కూడా మీకే పంపిస్తాం. ఒక్కరు తప్ప. మా మేనమామ గారి అబ్బాయి కిందటేడాది నుంచీ ఈ ఇల్లు అడుగుతున్నాడు. కొంటాడో లేదో తెలియదు, అయినా అతని పేరు ఒప్పందంలోనే రాసి, అతను కొంటే కమిషన్ ఉండదని పెట్టండి. అప్పుడు కాగితాల పని మీ చేత చేయించుకుంటే, దానికి విడిగా ఎంతో ఆ రోజు మాట్లాడుకుని ఇస్తాం.

గడువు ముగిశాక పన్నెండు నెలల్లోపు, మీ ద్వారా ఇల్లు చూసినవాళ్లు కొంటే కమిషన్ ఇవ్వాలని ఉన్న క్లాజు వెనక మీ భయం అర్థమైంది. మీరు తెచ్చిన పార్టీతో మీ వెనక బేరం కుదుర్చుకునే మనుషులం కాం మేము, కానీ ఆ రక్షణ మీకు ఉండాల్సిందే. కాకపోతే పన్నెండు నెలలు చాలా ఎక్కువ, మూడు నెలలు చేద్దాం. ఇల్లు చూపించిన ప్రతిసారీ వచ్చినవాళ్ల పేరు, తేదీ నాకు వాట్సాప్‌లో పంపండి. ఆ జాబితాలో ఉన్నవాళ్లకే ఈ క్లాజు వర్తిస్తుంది.

కమిషన్ క్లాజు ఇలా ఉంటే మాకు సమ్మతం, మాటలు మార్చాలనిపిస్తే మార్చి పంపండి:

“రిజిస్ట్రేషన్ పూర్తయిన అమ్మకం ధర మీద, ఉభయులూ సంతకం చేసిన అనుబంధంలోని అంచనా ధర వరకు 1.5 శాతం, అంచనా ధరకు మించిన మొత్తం మీద 10 శాతం ఏజెంటుకు అమ్మకందారులు చెల్లించాలి. ఇదే అమ్మకంలో కొనుగోలుదారు నుంచి కూడా ఏజెంటు కమిషన్ తీసుకున్నట్లయితే, పై రేట్లకు బదులుగా అమ్మకం ధర మీద 1 శాతం మాత్రమే వర్తిస్తుంది. వర్తించే పన్ను అదనం. ఇవి తప్ప అమ్మకందారుల నుంచి వేరే ఏ రుసుమూ రాదు.”

ఇలా రెండంచెల లెక్క మీకు చిక్కుగా అనిపిస్తే, మొత్తం ధర మీద ఒకే రేటు 1.75 శాతం పెట్టుకోవడానికీ మేం సిద్ధం. అప్పుడు కూడా మిగతా షరతులు పైన రాసినట్టే ఉండాలి. నాకు మాత్రం మొదటిదే ఇష్టం, ఎక్కువకు అమ్మితే ఇద్దరం బాగుపడతాం కాబట్టి. మీరు ఒప్పుకోలేని అంశం ఏదైనా ఉంటే, ఏది, ఎందుకు అన్నది రెండు మాటల్లో రాయండి చాలు. మీ వైపు నుంచి నాకు కనపడని ఖర్చు ఏదైనా ఉండొచ్చు, చెబితే తప్పకుండా లెక్కలోకి తీసుకుంటాం.

అంచనా ధర కోసం ఈ మధ్య చుట్టుపక్కల నిజంగా రిజిస్టర్ అయిన అమ్మకాల వివరాలు మీ దగ్గరుంటే జవాబుతో పాటే పంపండి. యజమానులు అడుగుతున్న ధరలు కాదు, చేతులు మారిన ధరలు. కమిషన్ అంతా ఆ ధర మీదే ఆధారపడుతుంది కాబట్టి అనుబంధంలో వేసే అంకె ముగ్గురికీ సరైనదనిపించాలి.

బుధవారం లోగా మీ జవాబు వస్తే, మార్చిన డ్రాఫ్ట్‌ను గురువారం చదివి శనివారం ఉదయం సంతకాలు పెట్టేస్తాం. మాట్లాడితే తేలికవుతుందనుకుంటే సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా ఫోన్ చేయండి. ఫోన్‌లో అనుకున్నది ఆ రాత్రే మెయిల్‌లో రాసి మీకు పంపుతాను.

కృతజ్ఞతలతో,
వసంత