చెస్ట్ ఎక్స్‌రే ముందు నిలబడినప్పుడు: ఫైనల్ ఇయర్ ప్రాక్టికల్స్‌కి వెళ్తున్న జూనియర్లకి

వచ్చే వారం మెడిసిన్ ప్రాక్టికల్స్ కదా, నిన్న హాస్టల్లో ఇద్దరు ముగ్గురు అడిగారు ఎక్స్‌రేలు ఎలా చదవాలి అన్నా అని, అందరికీ పనికొస్తుందని ఒకేచోట రాసేస్తున్నా.

ముందు నాకు జరిగింది చెప్తాను. నా ప్రీఫైనల్స్‌లో వ్యూ బాక్స్ మీద ఒక ఫిల్మ్ పెట్టారు, కుడివైపు కింద తెల్లగా, పైన వంపు తిరిగిన గీత, చూడగానే ప్లూరల్ ఎఫ్యూజన్ సర్ అనేశా. ఎగ్జామినర్ ఇంకా? అన్నారు. ఏం లేదు సర్ అన్నా. మళ్ళీ ఇంకా? అన్నారు. మూడోసారి ఆయనే వేలు పెట్టి చూపించారు, ఎడమవైపు బ్రెస్ట్ షాడో లేదు. మాస్టెక్టమీ అయిన పేషెంట్. అంటే ఆ నీళ్ళు టీబీ వల్ల వచ్చాయా, క్యాన్సర్ వల్లా అన్న ప్రశ్నకి జవాబు వైపు దారి ఆ ఫిల్మ్ మీదే ఉంది, నేనే చూడలేదు. కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడేది ఒకటి దొరకగానే మనం వెతకడం ఆపేస్తాం. వరస పెట్టుకుని చదవమనేది అందుకే.

నోరు తెరిచి మొదట చెప్పాల్సింది ఫిల్మ్ గురించి, జబ్బు గురించి కాదు. పేరు, తేదీ, సైడ్ మార్కర్ చూడండి, మార్కర్ చూడకపోతే డెక్స్ట్రోకార్డియా మీ కళ్ళ ముందే దాటిపోతుంది. పీఏనా ఏపీనా? పీఏలో స్కాపులాలు లంగ్ ఫీల్డ్స్ నుంచి పక్కకి తప్పుకుని ఉంటాయి. ఏపీలో గుండె పెద్దగా పడుతుంది, కాబట్టి ఏపీ ఫిల్మ్ చూసి కార్డియోమెగలీ అన్నారో, దొరికిపోతారు. తర్వాత రొటేషన్, రెండు క్లావికిల్స్ లోపలి చివరలు స్పైనస్ ప్రాసెస్‌కి సమాన దూరంలో ఉన్నాయా అని. ఇన్‌స్పిరేషన్‌కి డయాఫ్రం పైన ముందు రిబ్స్ 6 లేదా వెనక రిబ్స్ 9-10 లెక్కపెట్టండి. పెనెట్రేషన్‌కి గుండె వెనకాల వెర్టిబ్రాలు లీలగా కనిపిస్తే చాలు. ఇదంతా చెప్పడానికి ఇరవై సెకన్లు కూడా పట్టదు, ఆ ఇరవై సెకన్లలో మీ గుండె దడ కూడా కాస్త తగ్గుతుంది.

ఇక అసలు వరస ఎ, బి, సి, డి, ఇ. ఎయిర్‌వే, బ్రీతింగ్, కార్డియాక్, డయాఫ్రం, ఎవ్రీథింగ్ ఎల్స్.

ట్రాకియా దగ్గర ఆగండి, అందరూ తొందరపడి దాటేసేది ఇక్కడే. ఒకపక్క లంగ్ మొత్తం తెల్లగా ఉన్న ఫిల్మ్ ఇస్తే సగం జవాబు ట్రాకియాలోనే ఉంటుంది. తెలుపు వైపుకి లాగేసి ఉంటే కొలాప్స్, లేదా లంగ్ తీసేసిన పేషెంట్. అవతలి వైపుకి నెట్టేసి ఉంటే భారీ ఎఫ్యూజన్. మధ్యలోనే ఉంటే కన్సాలిడేషన్ గురించి ఆలోచించండి, లోపల ఎయిర్ బ్రాంకోగ్రామ్ ఉందా వెతకండి. లాగిందా నెట్టిందా అని మీలో మీరు అనుకుంటే చాలు, గుర్తుండిపోతుంది.

లంగ్స్‌ని పై, మధ్య, కింది జోన్లుగా తీసుకుని కుడి ఎడమ పోల్చుకుంటూ దిగండి. జోన్ అనండి, లోబ్ అనకండి. లోబ్ పేరు చెప్పాలంటే సిల్హౌట్ సైన్ ఉండాలి, కుడి హార్ట్ బోర్డర్ చెరిగిపోతే మిడిల్ లోబ్, ఎడమ బోర్డర్ పోతే లింగ్యులా, డయాఫ్రం గీత పోతే లోయర్ లోబ్. మన దగ్గర వార్డుల్లో ఎలాగూ టీబీ ఎక్కువ కాబట్టి అప్పర్ జోన్ కేవిటీ, ఫైబ్రోసిస్, ఆ పక్కకి లాగిన ట్రాకియా, పైకి జరిగిన హైలం, ఇవి పక్కాగా చూసుకోండి. రెండు లంగ్స్ నిండా రవ్వ చల్లినట్టు సన్నటి చుక్కలు సమంగా ఉంటే మిలియరీ. గుండ్రటి పెద్ద పెద్ద మచ్చలు రెండు పక్కలా ఉంటే కేనన్‌బాల్ మెటాస్టాసిస్, రీనల్ సెల్ కార్సినోమా, కోరియోకార్సినోమా పేర్లు రెడీగా ఉంచుకోండి. న్యూమోథొరాక్స్‌కి అంచు దగ్గర లంగ్ మార్కింగ్స్ లేని నలుపు, దానికి లోపలగా సన్నటి ప్లూరల్ గీత. టెన్షన్ న్యూమోథొరాక్స్ ఫిల్మ్ చూపిస్తే ఒక మాట తప్పకుండా చెప్పండి, ఇది క్లినికల్‌గా గుర్తుపట్టి వెంటనే డీకంప్రెస్ చెయ్యాల్సింది, ఎక్స్‌రే కోసం ఆగకూడదు అని. మార్కుల కోసమే కాదు, రేపు క్యాజువాలిటీలో నిజంగానే అవసరం పడుతుంది.

గుండె వెడల్పు పీఏలో ఛాతీ వెడల్పులో సగం దాటకూడదు. హార్ట్ ఫెయిల్యూర్‌లో గుండె పెద్దదవడం, పై వెయిన్స్ ఉబ్బడం, కింద అంచుల్లో కెర్లీ బి గీతలు, బ్యాట్ వింగ్ తెలుపు, ఎఫ్యూజన్, ఇవన్నీ ఒక ఫిల్మ్‌లోనే కనపడొచ్చు. మైట్రల్ స్టెనోసిస్ మన వాళ్ళకి ఇష్టమైన స్పాటర్, ఎడమ బోర్డర్ నిటారుగా అవుతుంది, కుడివైపు డబుల్ షాడో, కెరైనా కోణం విప్పారుతుంది, మూడింటికీ కారణం ఉబ్బిన లెఫ్ట్ ఏట్రియం. నీళ్ళ కుండలా గుండ్రంగా ఉంటే పెరికార్డియల్ ఎఫ్యూజన్.

డయాఫ్రం కుడిది కొంచెం ఎత్తు, అది నార్మలే. దాని కింద నల్లటి నెలవంక కనిపిస్తే పర్ఫొరేషన్, ఎడమవైపయితే గ్యాస్ట్రిక్ బబుల్‌తో పొరబడొద్దు. కాస్టోఫ్రెనిక్ యాంగిల్ మొద్దుబారాలంటే నిలబడి తీసిన పీఏలో దాదాపు 200 మిల్లీలీటర్ల నీళ్ళు ఉండాలి. సీఓపీడీలో డయాఫ్రం చదునుగా, గుండె సన్నగా నిలువుగా.

చివర్లో ఎముకలు, బ్రెస్ట్ షాడోలు, ట్యూబులు, సెంట్రల్ లైన్లు. ఆ తర్వాత మళ్ళీ ఇంకోసారి వెనక్కి వచ్చి నాలుగు చోట్లు: ఏపెక్స్‌లు, హైలంలు, గుండె వెనకాల, డయాఫ్రం కింద. పాన్‌కోస్ట్ ట్యూమర్ క్లావికిల్ చాటున, ఎడమ లోయర్ లోబ్ కొలాప్స్ గుండె చాటున దాక్కుంటాయి.

పైకి చెప్పేటప్పుడు ఇలా ఉండాలి: "సర్, ఇది అడల్ట్ మేల్ చెస్ట్ ఎక్స్‌రే, పీఏ వ్యూ, రొటేషన్ లేదు, ఇన్‌స్పిరేషన్ బావుంది, పెనెట్రేషన్ సరిపోయింది. ట్రాకియా ఎడమకి జరిగింది. కుడి లోయర్ జోన్‌లో ఒకే రకమైన తెలుపు, పై అంచు అడ్డంగా గీత గీసినట్టు ఉంది, దాని పైన లంగ్ మార్కింగ్స్ లేవు, కొలాప్స్ అయిన లంగ్ అంచు కనిపిస్తోంది. గుండె కూడా ఎడమకి జరిగింది. కుడి డయాఫ్రం, కాస్టోఫ్రెనిక్ యాంగిల్ కనపడట్లేదు. ఎముకల్లో ఏమీ తేడా లేదు. కుడివైపు హైడ్రోన్యూమోథొరాక్స్ అనుకుంటున్నాను."

వెంటనే వచ్చే ప్రశ్న, వంపు ఎందుకు లేదు? ఉత్త నీళ్ళయితే మెనిస్కస్ పైకి పాకుతుంది, పైన గాలి కూడా ఉంటేనే గీత తిన్నగా అడ్డంగా పడుతుంది, అదీ పేషెంట్ కూర్చునో నిలబడో ఉంటేనే. తర్వాతి ప్రశ్న కారణాలు: టీబీ, బ్రాంకోప్లూరల్ ఫిస్టులా, దెబ్బ తగలడం, నీళ్ళు తీసేటప్పుడు గాలి దూరడం. ట్రీట్‌మెంట్ అడిగితే ఇంటర్‌కోస్టల్ డ్రెయిన్ అని మొదలుపెట్టండి.

ఆదివారం సాయంత్రం రీడింగ్ రూమ్‌కి రండి, నా దగ్గరున్న పాత ఫిల్ములు తెస్తాను, ఒక్కొక్కరూ నిలబడి గట్టిగా చెప్పాలి, మనసులో చదువుకుంటే కుదరదు.